10 బిట్ తీసి 12 బిట్ ఏడీసీ పెడితే 12 డీబీ పెరగాలి కదా, 3.4 మాత్రమే ఎందుకొచ్చింది?

బోర్డు_బాబ్జీ
బిట్‌కి ఆరు డీబీ అని ఏ పుస్తకం తెరిచినా ఉంటుంది. నా బోర్డు మీద MCP3008 ఉండేది, పది బిట్లు. దాన్ని పీకి అదే సాకెట్‌లో MCP3208 పెట్టాను, పన్నెండు బిట్లు. పిన్నులు రెండింటికీ ఒకటే, ప్రోగ్రాంలో ఎస్పీఐ బైట్లు సర్దుకుంటే సరిపోయింది. మిగతాదేమీ ముట్టుకోలేదు. రిఫరెన్స్ పిన్ బోర్డు 3.3 వోల్టుల సప్లైకే కలిపి ఉంది. ఫంక్షన్ జనరేటర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ సైన్, పీక్ టు పీక్ 3.0 వోల్టులు, 1.65 మీద కూర్చోబెట్టాను. STM32 టైమర్ ఇంటరప్ట్‌తో సెకనుకి 25 వేల శాంపిళ్ళు.

ఎఫ్ఎఫ్టీ చేసి సిగ్నల్‌కీ నాయిస్‌కీ నిష్పత్తి, అంటే ఎస్ఎన్ఆర్ చూస్తే పాత చిప్‌కి 58.7 డీబీ, కొత్త చిప్‌కి 62.1. రెండు బిట్లకి 12 రావాలి, వచ్చింది 3.4. ఆరు డీబీ లెక్కే కాగితం మీద మాటా, లేక నాకు అంటగట్టింది నకిలీ చిప్పా?

వోల్టు_వాసు
బిట్ పెరిగితే మెట్లు రెట్టింపు. రెట్టింపు అంటే 3 డీబీ. రెండు బిట్లకి 6 రావాలి, మీకు 3.4 వచ్చింది. మరీ అంత ఘోరమేం కాదు.

రాధిక_డీఎస్పీ
వాసు గారూ, మెట్లు రెట్టింపవుతాయన్నది కరెక్టే. కానీ రెట్టింపుకి 3 డీబీ అనేది పవర్ రెట్టింపైనప్పుడు. ఇక్కడ మారేది మెట్టు ఎత్తు, అంటే వోల్టేజి. ఒక బిట్ కలిపితే మెట్టు ఎత్తు సగమవుతుంది. అసలు వోల్టేజికీ ఏడీసీ చెప్పిన అంకెకీ మధ్య తేడా ఎటుపోయినా సగం మెట్టు దాటదు కాబట్టి ఆ తేడా కూడా సగానికి పడుతుంది. వోల్టేజి సగమైతే పవర్ నాలుగో వంతు. నాలుగో వంతంటే 6.02 డీబీ.

కొంచెం లోపలికి వెళ్తే, ఆ తేడా మైనస్ సగం మెట్టు నుంచి ప్లస్ సగం మెట్టు దాకా ఎక్కడైనా సమానంగా పడుతుందనుకుంటాం. అప్పుడు దాని సగటు పవర్ మెట్టు ఎత్తు వర్గంలో 12వ వంతు. ఫుల్ స్కేల్ సైన్ పవర్‌ని దానితో భాగిస్తే:

```
P_sig = (2^N * d)^2 / 8
P_q   = d^2 / 12
SQNR  = 1.5 * 2^(2N)  ->  6.02N + 1.76 dB
```

మెట్టు ఎత్తు d ఎంతైనా కొట్టేసుకుపోయింది చూడండి. 3.3 వోల్టుల రిఫరెన్స్ అయినా 5 వోల్టులదైనా జవాబు ఒకటే. మిగిలేది బిట్ల సంఖ్య మాత్రమే, అది 2 మీద ఘాతంగా ఉంది కాబట్టి డీబీలోకి మార్చగానే బిట్‌కి ఇంత అని సరళరేఖ అవుతుంది.

బాబ్జీ గారి 3.4 సంగతి వేరే, దాన్ని లెక్క కట్టి రాస్తాను.

త్రికోణం
ఆ 1.76 సైన్‌కి మాత్రమేనని కూడా చెప్పాలి కదా. ఫుల్ స్కేల్ ట్రయాంగిల్ వేవ్ ఇస్తే అది సున్నా, నికరంగా 6.02N. మాట, పాట లాంటి సిగ్నల్‌కి పీక్ ఎప్పుడో ఒకసారి వస్తుంది, సగటు చాలా కింద ఉంటుంది. క్లిప్ కాకుండా సగటు లెవెల్‌కి నాలుగు రెట్లు చోటు వదిలితే 1.76 పోయి మైనస్ 7.27 వస్తుంది. వాలు మాత్రం మారదు, బిట్‌కి ఆరే.

వోల్టు_వాసు
వోల్టేజికి 20 లాగ్, అర్థమైంది. అయితే బాబ్జీ గారికి ఇంకా 9 డీబీ బాకీ ఉన్నట్టేగా?

రాధిక_డీఎస్పీ
ఆ బాకీ ఎక్కడుందో ఆయన ఇచ్చిన రెండు అంకెల్లోనే ఉంది.

3.3 వోల్టులకి పది బిట్ల మెట్టు 3.22 మిల్లీవోల్టులు. దాన్ని √12తో భాగిస్తే క్వాంటైజేషన్ నాయిస్ 0.93 మిల్లీవోల్టులు. పన్నెండు బిట్లకి మెట్టు 0.806, నాయిస్ 0.233. ఈ రెండింటి మధ్యే 12 డీబీ.

ఇప్పుడు కొలిచింది చూద్దాం. 3.0 పీక్ టు పీక్ సైన్ ఆర్ఎంఎస్ 1.06 వోల్టులు. 58.7 డీబీ అంటే మొత్తం నాయిస్ 1.23 మిల్లీవోల్టులు. అందులోంచి 0.93ని వర్గాల లెక్కన తీసేస్తే 0.81 మిగిలింది. కొత్త చిప్‌కి 62.1 డీబీ, అంటే మొత్తం 0.833. అందులోంచి 0.233 తీసేస్తే 0.80.

రెండు వేర్వేరు చిప్పులు, మిగులు మాత్రం ఒక్కటే, 0.8 మిల్లీవోల్టులు. కాబట్టి చిప్ నకిలీది కాదు, ఫార్ములా తప్పు కాదు. క్వాంటైజేషన్ నాయిస్ నిజంగానే 12 డీబీ తగ్గింది. దాని పక్కనే బిట్లతో సంబంధం లేని 0.8 మిల్లీవోల్టుల నాయిస్ కూర్చుని ఉంది, అది కదల్లేదు. పది బిట్లున్నప్పుడు రెండూ దాదాపు సమానం కాబట్టి మీకు కనబడలేదు. ఇప్పుడు మెట్లు చిన్నవయ్యేసరికి అదొక్కటే మిగిలింది.

ఈ లెక్కన మీ 12 బిట్ చిప్ ఇప్పుడు చేస్తున్నది పది బిట్ల పైచిలుకు పని, 10.2 దగ్గర.

బోర్డు_బాబ్జీ
రెండు వైపుల నుంచీ అదే 0.8 రావడం చూసి అనుమానం తీరింది. మరి అది ఎక్కడిది? ఇన్‌పుట్ వైరు పొట్టిదే, షీల్డ్ కూడా ఉంది.

కోఠి_కెపాసిటర్
రిఫరెన్స్‌ని సప్లైకి కలిపాను అన్నారు కదా, అక్కడే పట్టుకోండి. ఏడీసీ చెప్పేది వోల్టేజి కాదు, ఇన్‌పుట్‌ని రిఫరెన్స్‌తో భాగించిన నిష్పత్తి. 3.3 లైన్ మీద ప్రాసెసర్, ఎల్ఈడీ, రెగ్యులేటర్ రిపుల్ అన్నీ ఉంటాయి. రిఫరెన్స్ ఊగితే ఇన్‌పుట్ రాయిలా నిలబడినా కోడ్ ఊగుతుంది.

టైమర్_తంబి
నాకైతే టైమర్ ఇంటరప్ట్ అన్న చోటే అనుమానం. ఇంటరప్ట్ రావడం, అందులోంచి ఎస్పీఐ మొదలవడం ప్రతిసారీ ఒకే క్షణానికి జరగదు. MCP3208 శాంపిల్ పట్టే క్షణం ఎస్పీఐ క్లాక్‌తోనే ముడిపడి ఉంటుంది. సైన్ ఏటవాలుగా ఉన్న చోట శాంపిల్ కాస్త ముందో వెనకో పడితే అంత వోల్టేజి తప్పు. మీ సైన్‌కి 0.8 మిల్లీవోల్టుల తప్పు రావాలంటే 120 నానోసెకన్ల జిట్టర్ చాలు. 72 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంటే అది తొమ్మిది క్లాక్‌లు కూడా కాదు. ఇంకో ఇంటరప్ట్ అడ్డొస్తే అంతకన్నా ఎక్కువే పోతుంది.

కోఠి_కెపాసిటర్
తొమ్మిది క్లాక్‌లు ప్రతి శాంపిల్‌కీ ఊగవు తమ్ముడూ. ఎప్పుడో ఒకసారి ఊగితే ఆర్ఎంఎస్ అంత రాదు.

టైమర్_తంబి
సిస్టిక్ ఆన్‌లో ఉండి, మెయిన్ లూప్‌లో ఎక్కడపడితే అక్కడ ఇంటరప్ట్స్ ఆపి మళ్ళీ తెరుస్తుంటే వస్తుంది. కోడ్ చూడకుండా మీరు రాదనలేరు, నేను వస్తుందనలేను.

రాధిక_డీఎస్పీ
వాదించుకోవడం కన్నా కొలవడం సులువు. డీసీ ఇవ్వండి. డీసీకి ఏటవాలు ఉండదు కాబట్టి జిట్టర్ కనబడదు. రెండు చోట్ల కొలవండి, ఒకటి 0.1 వోల్ట్ దగ్గర, ఒకటి 3.0 వోల్టుల దగ్గర. నాలుగైదు వేల శాంపిళ్ళు తీసి ఏ కోడ్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. రిఫరెన్స్ ఊగుతుంటే దాని తప్పు ఇన్‌పుట్‌కి అనుపాతంలో పెరుగుతుంది, 0.1 దగ్గర కుదురుగా ఉండి 3.0 దగ్గర చెదురుతుంది. రెండు చోట్లా ఒకేలా చెదిరితే ఇన్‌పుట్ వైపు నాయిస్. రెండు చోట్లా కుదురుగా ఉంటే తంబి గారు చెప్పింది.

డీసీని బోర్డు 3.3 నుంచి రెసిస్టర్లతో విడగొట్టి ఇవ్వకండి. ఇన్‌పుట్, రిఫరెన్స్ రెండూ కలిసి ఊగి నిష్పత్తి మారకుండా ఉంటుంది, టెస్ట్ మిమ్మల్ని మోసం చేస్తుంది. బ్యాటరీ నుంచి తీసుకోండి.

సెన్సార్_శీను
నాదీ ఇదే బాధ. ఆర్డునో ఊనోలో పది బిట్లు, LM35 పెట్టాను. రీడింగ్ అర డిగ్రీ అర డిగ్రీగా గెంతుతుంది. 12 బిట్ పెడితే ఆ 12 డీబీ వచ్చి నున్నగా అవుతుందా?

త్రికోణం
మీది వేరే ప్రశ్న శీను గారూ. LM35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 5 వోల్టుల రిఫరెన్స్‌కి పది బిట్ల మెట్టు 4.88. అంటే అర డిగ్రీ మీ మెట్టు, గెంతు అక్కడిది. నెమ్మదిగా మారే వోల్టేజికి ఆ తేడా నాయిస్‌లా ప్రవర్తించదు, ఒకే మెట్టు మీద గంటలకొద్దీ అదే తప్పు చూపిస్తుంది. ఆరు డీబీ లెక్కకి సిగ్నల్ చాలా మెట్లు దాటుతూ తిరుగుతుండాలి, అప్పుడే తేడా ఎక్కడైనా సమానంగా పడుతుంది.

మీకైతే కొత్త చిప్ కూడా అక్కర్లేదు. ఊనోలో 1.1 వోల్టుల లోపలి రిఫరెన్స్ ఉంది, `analogReference(INTERNAL)` పెట్టండి. మెట్టు 1.07 మిల్లీవోల్టులకి దిగుతుంది, రెండు బిట్లు కలిపినదానికన్నా ఎక్కువ లాభం. 110 డిగ్రీలు దాటి కొలవరు కదా?

సెన్సార్_శీను
గదిలో ఉష్ణోగ్రతేనండి. పెడతాను. మరి వంద రీడింగుల సగటు తీస్తే బిట్లు పెరుగుతాయంటారు, నాకు పెరగలేదు. సగటు కూడా ఆ అర డిగ్రీ దగ్గరే ఆగింది.

త్రికోణం
వందసార్లూ ఒకటే కోడ్ వస్తే సగటూ అదే కోడ్. ఇన్‌పుట్‌లో కనీసం సగం మెట్టంత నాయిస్ ఉండి కోడ్ పక్క కోడ్‌లోకి జారుతూ ఉంటేనే సగటుకి మధ్య విలువ తెలుస్తుంది. అలా ఉంటే నాలుగు శాంపిళ్ళ సగటుకి 6 డీబీ, అంటే ఒక బిట్. పదహారింటికి రెండు బిట్లు. నాయిస్ మరీ లేకపోవడం కూడా ఇక్కడ ఇబ్బందే.

వోల్టు_వాసు
ఒక్క బిట్ ఏడీసీకి కూడా ఈ ఫార్ములా పనిచేస్తుందా? 6.02 + 1.76, అంటే 7.78?

రాధిక_డీఎస్పీ
పనిచేయదు, దగ్గరకొస్తుంది అంతే. ఇది నడిపి చూడండి:

```python
import numpy as np
N, M = 4096, 163
x = 0.999*np.sin(2*np.pi*M*np.arange(N)/N)
for b in (1, 2, 4, 8, 10, 12):
    d = 2.0/2**b
    e = d*(np.floor(x/d) + 0.5) - x
    r = np.mean(x**2)/np.mean(e**2)
    print(b, round(10*np.log10(r), 2), round(6.02*b+1.76, 2))
```

ఒక బిట్‌కి 6.4 దగ్గర వస్తుంది, 7.78 కాదు. రెండే మెట్లున్నప్పుడు తేడా సమానంగా పరుచుకోదు, సైన్ ఆకారాన్నే అనుసరిస్తుంది. బిట్లు పెరిగేకొద్దీ రెండు కాలమ్‌లూ కలిసిపోతాయి. బెల్ ల్యాబ్స్‌లో బెనెట్ 1948లో క్వాంటైజేషన్ తేడాని నాయిస్‌గా లెక్కకట్టినప్పటి నుంచీ ఈ షరతు దానితోనే ఉంది. ఫార్ములా ఒక్కటే పట్టుకుని షరతు వదిలేస్తారు, అదే నాకు బాధ.

163 ఎందుకంటే, దానికీ 4096కీ ఉమ్మడి కారణాంకం లేదు, అప్పుడు ప్రతి శాంపిల్ సైన్‌లో కొత్త చోట పడుతుంది. 163 తీసి 128 పెట్టి చూడండి, 32 శాంపిళ్ళకోసారి అదే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తుంది. పవర్ అంతా కొన్ని హార్మోనిక్స్‌లో పేరుకుంటుంది, ఎఫ్ఎఫ్టీలో నేల కనబడదు, ముళ్ళు కనబడతాయి.

టైమర్_తంబి
బాబ్జీ అన్న పెట్టిందీ అలాంటిదేగా? 25 వేలకి 1 కిలోహెర్ట్జ్, సరిగ్గా 25 శాంపిళ్ళు.

రాధిక_డీఎస్పీ
ఆయన జనరేటర్ క్లాక్ వేరు, STM32 క్రిస్టల్ వేరు. కొద్దిగా జారుతూనే ఉంటాయి కాబట్టి అంత నష్టం ఉండదు. అయినా 994.87 హెర్ట్జ్ పెడితే నయం, 4096 శాంపిళ్ళలో 163 సైకిళ్ళు పడతాయి. క్లాక్‌లు ఒకదానికొకటి కట్టి లేవు కాబట్టి విండో మాత్రం తప్పదు.

బోర్డు_బాబ్జీ
విండో ఉంది, బ్లాక్‌మన్ హారిస్. బ్యాటరీతో కొలిచాను. 0.1 వోల్ట్ దగ్గర రెండే కోడ్‌లు, అటూ ఇటూ. 3.0 దగ్గర తొమ్మిది కోడ్‌ల మీద పరుచుకుంది, స్టాండర్డ్ డీవియేషన్ 1.3 కోడ్‌లు.

కోఠి_కెపాసిటర్
చెప్పానా, రిఫరెన్సే! సప్లై నుంచి రిఫరెన్స్ పిన్‌కి వెళ్ళే దారిలో 10 ఓమ్స్ పెట్టి, పిన్ దగ్గర 100 మైక్రోఫారడ్, దాని పక్కనే 100 నానో సిరామిక్. ఈ పిన్ 100 మైక్రోఆంప్ దగ్గర లాగుతుంది, 10 ఓమ్స్‌లో పోయేది ఒక మిల్లీవోల్ట్, పట్టించుకోనక్కర్లేదు. 160 హెర్ట్జ్ పైన రిపుల్ తగ్గుతూ పోతుంది.

కచ్చితంగా కావాలంటే 2.5 వోల్టుల షంట్ రిఫరెన్స్ వేసి సిగ్నల్‌ని ఆ మేరకు తగ్గించండి. TL431 ఏ షాపులోనైనా దొరుకుతుంది, కోఠిలో గుజరాతీ గల్లీలో అడిగినా ఇస్తారు. 3.3 నుంచి 470 ఓమ్స్ సరిపోతుంది. ఒకటే జాగ్రత్త, దానికి నేరుగా 100 నానో తగిలించొద్దు, ఆ విలువల దగ్గర TL431 ఆసిలేట్ అవుతుంది. నాయిస్ తగ్గిద్దామని పెట్టిన కెపాసిటరే నాయిస్ పుట్టిస్తుంది.

టైమర్_తంబి
రిఫరెన్స్ ఉంది, ఒప్పుకుంటా. కానీ మొత్తం అదే కాదు. 1.3 కోడ్‌ల నుంచి క్వాంటైజేషన్ వాటా తీసేస్తే 3 వోల్టుల దగ్గర 1.02 మిల్లీవోల్టులు. మీ సైన్ 0.15 నుంచి 3.15 మధ్య తిరుగుతుంది, దాని మొత్తం మీద సగటు కడితే 0.67 వస్తుంది. మనం వెతుకుతున్నది 0.8. మిగిలింది వర్గాల లెక్కన 0.44. అది డీసీలో కనబడలేదు.

రాధిక_డీఎస్పీ
తంబి గారి లెక్క సరిగ్గా ఉంది. ఆ 0.44 క్వాంటైజేషన్ నాయిస్‌కి దాదాపు రెట్టింపు, వదిలేసేది కాదు. ముందు రిఫరెన్స్ సరిచేసి మళ్ళీ కొలవండి. 66.5 చుట్టూ వస్తే మనం ఇంతవరకూ కట్టిన లెక్క నిలబడినట్టు.

ఆడియో_అనూరాధ
మా దగ్గర 24 బిట్ సౌండ్ కార్డు ఉంది. లెక్క ప్రకారం 146 డీబీ రావాలి. 112 మించి ఎప్పుడూ చూడలేదు. ఇదీ రిఫరెన్సేనా?

త్రికోణం
అక్కడ మెట్టు అంత చిన్నదయ్యాక రెసిస్టర్ల వేడి నాయిస్, ఓపాంప్ నాయిస్ దానికన్నా చాలా పైన ఉంటాయి. 112 అంటే పద్దెనిమిది బిట్ల చిల్లర. మిగతా అయిదు బిట్ల పైచిలుకు నాయిస్‌ని నమ్మకంగా రికార్డ్ చేస్తున్నాయి. నష్టమేం లేదు, గెయిన్ సెట్ చేసేటప్పుడు 20 డీబీ ఖాళీ వదిలినా నాయిస్ మెట్లలో కూరుకుపోదు.

12 బిట్ దగ్గర ఆ విలాసం లేదు. బాబ్జీ గారి చిప్‌కే మైక్ నుంచి 0.33 వోల్టులు పీక్ టు పీక్ వస్తే 20 డీబీ పోయినట్టే, మూడు బిట్లకి పైగా వాడకుండా పారేసినట్టు. ముందు ఆంప్లిఫై చేసి తర్వాత ఏడీసీకి ఇవ్వాలి. డిజిటల్‌లో గుణిస్తే సిగ్నల్, తప్పు రెండూ కలిసే పెరుగుతాయి.

బోర్డు_బాబ్జీ
10 ఓమ్స్, 100 మైక్రో, 100 నానో పెట్టాను. 62.1 నుంచి 66.2కి వచ్చింది. తంబి చెప్పాడని ఫ్రీక్వెన్సీ 100 హెర్ట్జ్‌కి దించి కూడా చూశాను, 69.5.

టైమర్_తంబి
ఫ్రీక్వెన్సీ పదో వంతైతే ఏటవాలూ పదో వంతు. జిట్టర్ లేకపోతే అంకె కదలకూడదు, మీకు 3 డీబీ పైన కదిలింది. లెక్క కడితే 57 నానోసెకన్ల జిట్టర్, నాలుగు క్లాక్‌ల చిల్లర. ఇంటరప్ట్‌లోంచి ఎస్పీఐ మొదలెట్టడం మానేయండి. టైమర్ ఈవెంట్‌తో డీఎంఏని లేపి, అదే ఎస్పీఐ డేటా రిజిస్టర్‌లోకి రాసేలా పెట్టండి. చిప్ సెలెక్ట్‌ని కూడా టైమర్ పీడబ్ల్యూఎం అవుట్‌పుట్‌తోనే ఆడించండి. సీపీయూ మధ్యలో లేకపోతే ఊగడానికేం ఉండదు.

కోఠి_కెపాసిటర్
తంబి పట్టుకున్నాడు, సరే. కానీ జిట్టర్ ఒక్కటే అయితే 100 హెర్ట్జ్ దగ్గర 73 రావాలి. 69.5 దగ్గర ఆగిందంటే ఇంకో 0.27 మిల్లీవోల్టులు ఎక్కడో ఉన్నాయి.

రాధిక_డీఎస్పీ
నాకు అది నాయిస్‌లా అనిపించడం లేదు. బాబ్జీ గారూ, మీరు ఎస్ఎన్ఆర్ కట్టేటప్పుడు 200, 300 హెర్ట్జ్ దగ్గరి హార్మోనిక్స్‌ని నాయిస్‌లో కలిపారా, పక్కన పెట్టారా?

బోర్డు_బాబ్జీ
కలిపాను. అసలు సైన్ తీసేసి మిగతాదంతా నాయిస్ అనుకున్నాను. మూడో హార్మోనిక్ నేల మీద బాగా పైకి కనబడుతోంది.

రాధిక_డీఎస్పీ
అయితే మీరు కొలిచింది నాయిస్, డిస్టార్షన్ రెండూ కలిపి. మెట్లన్నీ సమానమైన ఎత్తులో ఉన్నాయన్న నమ్మకం మీద 6.02 నిలబడింది, అసలు చిప్‌లో అలా ఉండవు. MCP3208లో బి గ్రేడ్‌కి సరళరేఖ నుంచి వంపు ఒక ఎల్ఎస్బీ లోపు, సి గ్రేడ్‌కి రెండు దాకా ఉండొచ్చు. చిప్ మీద పేరు చివర చూడండి.

ఆడియో_అనూరాధ
జనరేటర్ సైన్ కూడా అంత శుభ్రంగా ఉండదు. 70 డీబీ దగ్గర మాట్లాడుతున్నప్పుడు మామూలు ఫంక్షన్ జనరేటర్‌ని ముందు అనుమానించాలి. 1 కిలోఓమ్, 1 మైక్రోఫారడ్‌తో ఒక ఆర్‌సీ ఫిల్టర్ వేయండి, కార్నర్ 160 హెర్ట్జ్ దగ్గర. 100 అలాగే వెళ్తుంది, కాస్త తగ్గుతుంది, లెవెల్ పెంచుకోండి. 300 మాత్రం అసలు సైన్‌తో పోలిస్తే ఇంకో 5 డీబీ పడాలి. ఎఫ్ఎఫ్టీలో మూడో హార్మోనిక్ ఆ మేరకు పడితే తప్పు జనరేటర్‌ది, పడకపోతే చిప్‌ది.

కోఠి_కెపాసిటర్
ఆ కెపాసిటర్ ఫిల్మ్‌ది వాడండి. ఎక్స్‌7ఆర్ సిరామిక్ పెడితే వోల్టేజితో దాని విలువే మారి కొత్త మూడో హార్మోనిక్ పుట్టిస్తుంది, మళ్ళీ ఇక్కడికే వచ్చి అడుగుతారు.

బోర్డు_బాబ్జీ
చిప్ మీద సి అని ఉంది. ఫిల్మ్ కెపాసిటర్ దొరికాక ఫిల్టర్ వేసి చూస్తాను. డీఎంఏ కోడ్ ముందు రాస్తాను, అది నా చేతిలో పని.

టైమర్_తంబి
రాశాక 1 కిలోహెర్ట్జ్, 100 హెర్ట్జ్ రెండూ కొలిచి పెట్టండి. రెండు అంకెలూ కలిసిపోతే జిట్టర్ సంగతి తేలినట్టు. ఆ 0.27 చిప్‌దా జనరేటర్‌దా అన్నది అప్పటికీ మిగిలే ఉంటుంది.